దవడ కింది గీత

పెళ్లికూతురి ముఖంలో ఫోటోగ్రాఫర్ మొదట చూసేది కళ్లనో నవ్వునో అనుకుంటారు అందరూ. నేను మాత్రం దవడ చూస్తాను. చెవి తమ్మె కింద మొదలై గడ్డం దాకా వచ్చే ఆ అంచు దగ్గర ముఖం రంగు ఆగిపోయి మెడ రంగు మొదలైందంటే ఆ రోజు నా పని చెడినట్టే. ఫ్లాష్ పడగానే ముఖం ఒక్కటే తెల్లగా ముందుకొస్తుంది. మెడ వెనక్కి పోతుంది. ఎవరి తలో తెచ్చి ఇంకెవరి ఒంటి మీదో పెట్టినట్టుంటుంది. ఆల్బం చేతికిచ్చాక ఇంట్లోవాళ్లు నా మీదికే వస్తారు, "ఏందన్నా, మా పిల్ల గిట్ల పడ్డది?" అని. ఉన్నది ఉన్నట్టు చూపించడం కెమెరా చేసుకున్న పాపం.

నా పేరు రంజిత్. నిజామాబాద్‌లో స్టూడియో. ఈ జిల్లాలో లగ్గం అన్నచోటల్లా నేనున్నాను, వంగి వంగి అరిగిన నా మోకాళ్లే సాక్ష్యం. మేకప్ వాళ్లతో నేను పడ్డ తగాదాలు పెళ్లిపెద్దలు కూడా పడి ఉండరు. కానీ స్నేహలత తయారుచేసిన పిల్ల అయితే నేను కిమ్మనను. ఆ పిల్ల ఎటు తిరిగినా, తల వంచినా, నవ్వుతూ గడ్డం పైకెత్తినా ముఖం మెడలోకి ఎక్కడ దిగిందో నా కెమెరాకు దొరకదు. మిగతా పార్లర్ల వాళ్లు ఆమెను వెనకాల 'మెడల స్నేహక్క' అని ఎగతాళి చేస్తారు. ఎగతాళి చేసేవాళ్లే తమ ఇళ్లలో పెళ్లయితే ఆమె దగ్గరికి పోతారు.

ఆమె పని చూడటం నాకిష్టం. ముఖానికి వేసే రంగును ముఖం చూసి ఎంచదు. పిల్లను గుమ్మం దగ్గరికి, ఎండ వెలుతురులోకి తీసుకొస్తుంది. దవడ పక్కన రెండు మూడు రంగులు కొంచెం కొంచెం పూసి మెడ మీదికి లాగుతుంది. ఏ రంగు కనబడకుండా పోయిందో అదే ఆ పిల్ల రంగు. "జర తెల్లగ వెయ్యి బిడ్డా" అని తల్లులు బతిమాలుతారు. "వేస్తనమ్మ, మరి చేతులు కూడా తెల్లగ వెయ్యాలె, వీపు వెయ్యాలె, కాళ్లు వెయ్యాలె. అంత డబ్బా నా దగ్గర లేదు" అంటుంది.

మా దిక్కు ఇంకో చిక్కుంది. పెళ్లికి ముందు మైలపోలు తీసినప్పుడు పెళ్లికూతురికి పసుపు దట్టంగా పూస్తారు. ఏర్గట్ల దిక్కు పసుపు పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. ముఖం సబ్బుతో నాలుగుసార్లు కడుగుతారు గానీ మెడ ముడతల్లో, చెవుల వెనక అది అట్లాగే ఉండిపోతుంది. స్నేహలత ముందు కొబ్బరినూనెలో ముంచిన దూదితో ఆ పసుపు తీస్తుంది, తర్వాత ఆ జిడ్డు తుడుస్తుంది. రవిక మీద పాత తువ్వాలు కప్పుతుంది. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన స్పంజితో ముఖానికి వేసిన రంగునే దవడ కిందికి దించుతుంది. రుద్దదు, అద్దుతుంది. కిందికి పోయేకొద్దీ పలచబడుతూ పోయి రవిక అంచు దగ్గర అసలు చర్మంలో కలిసిపోవాలి. ముడతల్లో ఎక్కువ పడితే కాసేపటికే అక్కడ చారలు తేలతాయని అక్కడ చెయ్యి తేలిక చేస్తుంది. జడ వేస్తారు కాబట్టి మెడ వెనక కూడా చూస్తుంది. చెవి పై అంచు, తమ్మె, చెవి వెనక అన్నీ అయ్యాకే పౌడరు అద్దుతుంది. ఆ తర్వాతే నగ. ముందు నగ పెట్టారా, ఇక ఆమె పెట్టె మూసేసినా మూసేస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినదు.

ఇంత పట్టింపు ఆమెకు మొదటి నుంచి లేదు. ఎక్కడ మొదలైందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు కూడా కెమెరా నా చేతిలోనే ఉంది.

స్నేహలత, సుమన అక్కచెల్లెళ్లు. తండ్రి వాళ్ల చిన్నతనంలోనే పోయాడు. తల్లి నాగవ్వ బీడీలు చేసి ఇద్దరినీ పెంచింది. మా స్టూడియో వెనక గల్లీలోనే వాళ్ల ఇల్లు. స్నేహలత బ్యూటీషియన్ కోర్సుకు పోతానన్నప్పుడు సుమన చదువు పదోతరగతితో ఆపేసి తల్లి పక్కన చాట ముందేసుకుని కూర్చుంది. అక్క పొద్దంతా నేర్చుకుని వచ్చి సాయంత్రం చెల్లె ముఖం మీద ప్రయోగాలు చేసేది. ఆ పిల్ల ఆకు కత్తిరిస్తూనే గడ్డం పైకెత్తి కూర్చునేది. ఓసారి ఎర్రగా, ఓసారి తెల్లగా, ఓసారి కనుబొమ్మలు గొంగళిపురుగుల్లా చేసుకుని నా స్టూడియో ముందునుంచి కిరాణం దుకాణానికి పోయేది. "ఏంది సుమా, ఇయ్యాల ఏం యేసం?" అంటే, "ఏమో అన్నా, మా అక్కను అడుగు" అని నవ్వేది. అంత నమ్మకం అక్క మీద.

సుమనకు ఎడపల్లి సంబంధం కుదిరింది. పిల్లగాడు రాజేందర్, వరి, చెరకు పండించే ఇల్లు. తల్లి శంకరమ్మ నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. లగ్గం నిజామాబాద్‌లోనే, ఫంక్షన్ హాల్లో. ఆ రోజు ముహూర్తం ఎంత బలమైందంటే ఊళ్లో బ్యాండుమేళం దొరకలేదు. స్నేహలతకు అప్పటికి సొంత పార్లర్ పెట్టి ఏడాది కూడా కాలేదు. సరిగ్గా అదే రోజుకు బోధన్ నుంచి ఓ రైస్ మిల్లు యజమాని కూతురి పెళ్లికి కబురొచ్చింది. అక్కడ పేరొస్తే ఇక వెనక్కి చూసుకునే పని లేదు. ఆమె ఒప్పుకుంది.

చెల్లెను అడగలేదని కాదు, అడిగింది. "సుమా, నీ మొకం చేసి, బోధన్ పోయి, మళ్ల లగ్గం టైంకు ఉరికొస్త. పోనా?" అంది. "పో అక్కా, నాకేమైతది" అంది సుమన. ఆ మాట విన్నప్పుడు నేను అక్కడే లైట్లు సర్దుతున్నాను. అడిగిన తీరులోనే వద్దనడానికి జాగా లేదు. ఆ పిల్లకు అక్క మాట కాదనడం ఎన్నడూ రాదు కూడా.

ముఖం బాగానే చేసింది. అప్పట్లో పాన్‌స్టిక్ అనే చిక్కటి రంగు వాడేవాళ్లు, దానిమీద దట్టంగా పౌడరు. కొంచెం తెలుపు ఎక్కువే వేసింది, తన చెల్లె అందరికంటే అందంగా కనబడాలని. ఇక మెడ, చెవులు మొదలుపెట్టాలి. అప్పుడే బయట మిల్లు వాళ్లు పంపిన కారు హారను కొట్టడం మొదలుపెట్టింది. అదే సమయానికి శంకరమ్మ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని చీర, సొమ్ము పట్టుకుని గదిలోకి వచ్చింది. అత్తగారింటి సొమ్ము అత్త చేతితోనే మంచి గడియ దాటకుండా వేయాలి. హారం వేసింది, గుండ్ల పేరు వేసింది, చెవులకు కమ్మలు పెట్టి మాటీలు జడకు తగిలించింది. వద్దనడానికి స్నేహలతకు నోరు రాలేదు. స్పంజి తల్లి చేతిలో పెట్టింది.

"అవ్వా, గిదే రంగు మెడకు, చెవులకు దించు. కిందికి అద్దుకుంట పో. గంతే" అని పరుగెత్తింది.

నాగవ్వ ఆ స్పంజిని పట్టుకుని నిలబడ్డ తీరు నాకిప్పటికీ కళ్లముందు ఉంది. ఆమె వేళ్లు బీడీలు చుట్టడంలో జిల్లాలోనే మేటి అని చెప్పుకునేవాళ్లు, కానీ వియ్యపురాలు వేసిన బంగారం జరిపి దానికింద రంగు పూయడానికి ఆ వేళ్లకు ధైర్యం చాలలేదు. చీరకు మరక అయితే ఏమంటారో అని భయం. గొంతు దగ్గర రెండుసార్లు అద్దింది. ఆ రెండు మచ్చలు అట్లాగే తెల్లగా నిలిచాయి. తర్వాత స్పంజిని కిటికీలో పెట్టేసింది.

పీటల మీద మొదటి ఫోటో తీశాను. కెమెరా వెనక తెరమీద చూసుకున్నాను. ముఖం సున్నం కొట్టిన గోడ. దవడ దగ్గర కత్తితో గీసినట్టు గీత. కింద మెడ పసుపుపచ్చగా, మీద రెండు తెల్ల మచ్చలు. చెవులు వేరే రంగు. నేను పోయి నాగవ్వ చెవిలో చెప్పాను. ఎవరో తడి చేతిరుమాలు తెచ్చి గీత మీద రుద్దారు. రుద్దితే చారలు పడ్డాయి. దానిమీద ఇంకెవరో పౌడరు కొట్టారు. మే నెల, హాల్లో ఫ్యాన్లు తిరిగినా తిరగనట్టే, చెమటకు ఆ పౌడరు ముద్దలు కట్టింది. అయ్యగారు గడియ దాటుతుందని అరిచాడు. ఇక అందరూ చేతులెత్తేశారు.

ఎడపల్లి ఆడవాళ్లు ముందు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత కొంగు కూడా తీసేశారు.

"ఓ శంకరమ్మా, నీ కోడలి మొకం నిజామాబాద్‌ది, మెడ మన ఎడపల్లిదే!" అంది ఒకావిడ. హాలంతా గొల్లుమంది. పిల్ల తల దించుకుంది. దించుకుంటే నాకు ఫోటో రాదు. "సుమా, జర పైకి చూడమ్మా" అన్నాను. పైకి చూసింది గానీ నా వైపు కాదు. పుస్తె కట్టేటప్పుడు కూడా తల ఎత్తి జనంలో ఎటో చూసింది. సిగ్గుతో చూపు ఎక్కడ పెట్టాలో తెలియక అట్లా చూస్తోందని అనుకున్నాను.

స్నేహలత వచ్చేసరికి బంతి భోజనాలు నడుస్తున్నాయి. తలంబ్రాలు కూడా అయిపోయాయి. బోధన్‌లో వాళ్ల ముహూర్తం వెనక్కి జరిగిందట, పెళ్లికూతురి నగ దొరకలేదట, వాళ్లు వదల్లేదట. చెల్లె ముఖం చూసి అక్కడే కూలబడింది. "అయ్యో సుమా, అయ్యో నా తల్లీ" అని తన చీర కొంగు తడిపి ఆ మెడ తుడవబోయింది. సుమన మెల్లగా ఆమె చెయ్యి పక్కకు జరిపింది. "పోనియ్యక్కా. అయిపోయింది గదా" అంది.

ఆల్బంలో ఆ గీత కనబడకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫోటోకు మెడ రంగు మార్చాను. వీడియోకు మాత్రం నేనేం చేయలేకపోయాను. ఆ రోజుల్లో పెళ్లి సీడీ చుట్టాల ఇళ్లన్నీ తిరిగివచ్చేది. ఎడపల్లిలో సుమనకు చాన్నాళ్లు 'తెల్లమొకం కోడలు' అనే పేరుండేది. పేరు పెట్టినవాళ్లు సరదాకే పెట్టారు, పడ్డవాళ్లకే తెలుసు దాని సంగతి.

అక్కచెల్లెళ్లు మాటలు మానుకోలేదు. మానుకుని ఉంటే బాగుండేది, ఓ రోజు పోట్లాడి ఏడ్చి కలిసేవాళ్లు. సుమన పండగకు వచ్చేది, తినేది, పోయేది. అక్క ఏం పెట్టినా తీసుకునేది, అడిగినదానికి జవాబు చెప్పేది. తనంత తాను ఏదీ చెప్పేది కాదు. ఇద్దరి మధ్య ఉండాల్సిన సతాయింపులు, అలకలు, చాడీలు అన్నీ పోయి వియ్యాలవారి మర్యాదలు వచ్చాయి. మరిది పెళ్లికి, గృహప్రవేశానికి నేనొచ్చి తయారు చేస్తానని స్నేహలత ఫోన్ చేసింది. "నీకెందుకక్కా తిప్పల" అంది సుమన. ఒక్కసారి కూడా అక్కను తన ముఖం ముట్టనివ్వలేదు. నాగవ్వ పోయినప్పుడు కూడా ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని ఏడ్చారు.

స్నేహలత పెళ్లి చేసుకోలేదు. కారణం అడిగేంత చనువు నాకున్నా అడగలేదు. పని మాత్రం రాక్షసిలా నేర్చుకుంది. హైదరాబాద్ పోయి నేర్చుకుంది, తనకు తానే అద్దం ముందు కూర్చుని నేర్చుకుంది. ఒక ముహూర్తానికి ఒక్క పెళ్లికూతురినే ఒప్పుకుంటుంది. దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠం మెడ, రెండో పాఠం చెవులు. ఆ తర్వాతే కళ్లు, పెదవులు. ఎవరైనా గీత మిగిలిస్తే ఆమెకు పట్టరాని కోపం వచ్చేది. "దీనికి పిల్ల బతుకంత మాట పడ్తది, ఎర్కేనా?" అని అరిచేది. ఆ పిల్లలకు ఇదేం చాదస్తమో అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. ఆమె దిద్దుకుంటున్నది చెల్లె మెడనే. ఎన్నో మెడలు దిద్దింది గానీ ఆ ఒక్కటి మాత్రం చేతికి రాలేదు.

మొన్న వేసవి మొదట్లో ఓ మధ్యాహ్నం స్టూడియోకు పరుగున వచ్చింది. ముఖమంతా వెలుగు.

"రంజితన్నా, చెల్లె ఫోన్ చేసిందే! శృతికి చీర ఫంక్షన్ చేస్తున్నరట. 'అక్కా, నువ్వు ముందుగాల్నే రావాలె, నువ్వు లేకుంటే నడ్వది' అన్నది. తనంత తానే అన్నదన్నా!"

శృతి సుమన కూతురు, ఒక్కతే బిడ్డ. "మంచిమాట గదా" అన్నాను.

"శృతిని నేనే తయారు చెయ్యాలె. గా ఎడపల్లోళ్ల ముంగట్నే. ఒక్క గీత, ఒక్క మచ్చ కనబడితే అడుగు. ఫోటోలకు నువ్వే రావాలె. గప్పుడు తీసినోనివి, గిప్పుడు కూడా నువ్వే తియ్యాలె."

సుమన మేకప్ సంగతి అన్నదా అని నేను అడగలేదు. ఆమె సంతోషం చూసి నాకూ తోచలేదు. పెద్ద పట్టుచీర కొన్నది శృతికి. తన కోసం కూడా ఒకటి కొనుక్కుని సంచిలో పెట్టుకుంది, పని అయ్యాక కట్టుకుంటానని. చెల్లె ఇన్నేళ్లకు మనసు విప్పింది, ఈ ఒక్క పని మచ్చ లేకుండా చేస్తే పాత అక్కనైపోతాను, అంతే ఆమె ఆశ.

ఆ రోజు పొద్దున్నే నా కారులోనే పోయాం. ఎడపల్లిలో ఇంటి ముందే టెంట్ వేశారు. స్టేజీ, పూల దండల వెనకతెర, మహారాజా కుర్చీ అన్నీ ఉన్నాయి. సుమన ఎదురొచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "రా అక్కా, ముందు ఛాయ్ తాగు, జర కూసో" అంది. స్నేహలత అప్పటికే పెట్టె తెరుస్తోంది. "ఛాయ్ తర్వాత తాగుత. శృతి ఏది? ఎండ పెరగక ముందే మెడ చేసుకోవాలె." సుమన శృతిని పిలుచుకురావడానికి లోపలికి పోయింది.

నేను చూసినవాటిల్లో అంత మంచి పని ఇంకొకటి లేదు. శృతి తల్లి పోలిక, చామనఛాయ. స్నేహలత ఆ ఛాయను పిసరంత కూడా మార్చలేదు. ముఖం నుంచి మెడలోకి, మెడ నుంచి భుజాల్లోకి రంగు ఎట్లా పోయిందో తెలియదు. చెవులు ఆ పిల్ల చెవుల్లాగే ఉన్నాయి. శంకరమ్మ ఇప్పుడు ముసలిదైంది, కర్ర పట్టుకుని వచ్చి మనవరాలి గడ్డం ఎత్తి ఇటూ అటూ తిప్పి చూసింది. "గీతలేం లేవు. మంచిగ జేసినవు బిడ్డా" అంది. స్నేహలత కళ్లనిండా నీళ్లు. ఆ ఒక్క మాట కోసం ఆమె పద్నాలుగేళ్లు ఆగింది.

శృతిని లంగా ఓణీలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. పద్ధతి ఏమిటంటే తల్లిగారింటి వాళ్లు, అంటే పిల్ల తల్లి పుట్టింటివాళ్లు, చీర పెట్టి బొట్టు పెడతారు, పిల్ల లోపలికి పోయి ఆ చీర కట్టుకొస్తుంది, తర్వాత అందరూ అక్షింతలు వేస్తారు. సుమనకు తల్లిగారిల్లంటే ఇక మిగిలింది అక్క ఒక్కతే.

జనం చేరేసరికి టెంట్ కింద ఉక్క. ఎవరో పెద్దావిడ ముద్దు చేస్తూ పిల్ల చెంపలు నిమిరింది, దాంతో చెవి పక్కన చెమటకు రంగు కొంచెం చెదిరింది. అది నాకు కూడా కనబడలేదు, స్నేహలతకు కనబడింది. స్పంజి పట్టుకుని గబగబా స్టేజీ ఎక్కి కుర్చీ వెనక్కి పోయింది. ఆ మహారాజా కుర్చీ వెనకభాగం మనిషంత ఎత్తు. ఆమె దానివెనక వంగి పిల్ల చెవుల వెనక అద్దుతోంది. ఒంటి మీద రంగు మరకల పాత చుడీదారు, మెడలో తువ్వాలు. నాకు ముందునుంచి ఆమె వేళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

"తల్లిగారోళ్లు రాండ్రి, చీర పెట్టాలె" అని పిలిచారు. సుమన స్టేజీ మీద నిలబడి చూస్తోంది. నేను కూడా పిలిచాను, "స్నేహక్కా, రా, ముంగటికి రా" అని. కుర్చీ వెనక నుంచి గొంతు వచ్చింది. "మీరు కానియ్యిండ్రి, నేను చెవుల వెనక చూస్తున్న." మళ్లీ పిలిచాను. "ఫోటోల గీతొస్తదన్నా, ఆగు" అంది. శంకరమ్మకు ఆలస్యం పడదు. పక్కింటి విమలమ్మను పిలిచి, "నువ్వు పెట్టవే, ఎవరు పెడితే ఏంది" అంది. స్నేహలత కొన్న చీరను విమలమ్మ శృతి చేతుల్లో పెట్టింది, బొట్టు పెట్టింది. నేను తీశాను. నా పని తీయడమే.

తర్వాత చీర కట్టేటప్పుడు మెడ దగ్గర రంగు పోయిందని మళ్లీ దిద్దింది. అక్షింతలప్పుడు స్టేజీ పక్కన బల్లఫ్యాను పిల్ల వైపు తిప్పి పట్టుకుని నిలబడింది. కుటుంబం అంతా కలిసి ఫోటో దిగేటప్పుడు పౌడరు తేవడానికి లోపలికి పోయింది. సంచిలో కొత్త చీర సంచిలోనే ఉంది.

జనం తిని వెళ్లిపోయాక నేను అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఫోటోలు చూసుకుంటున్నాను. స్నేహలత వచ్చి పక్కన కూర్చుంది. "దవడ దగ్గర పెద్దగ చెయ్యన్నా" అంది. పెద్దది చేశాను. "ఉన్నదా?" అంది. "లేదక్కా. ఎక్కడా లేదు" అన్నాను. "చెవులు?" "చెవులు కూడా మంచిగున్నయి." ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

సుమన ప్లేట్లో స్వీటు తెచ్చి అక్క చేతికిచ్చి, మా వెనక నిలబడి ఫోటోలు చూసింది. నేను ఒక్కొక్కటే జరుపుతున్నాను. అన్నీ అయ్యాక అడిగింది.

"అన్నా, గిండ్ల మా అక్క ఏది?"

నేను మళ్లీ మొదటినుంచి జరిపాను. ఎంత వెతికినా ఒక్కదాంట్లోనూ లేదు. "పర్వాలేదు సుమా, నేనెందుకు గిండ్ల, శృతి మంచిగ పడ్డది గదా" అంది స్నేహలత.

సుమన గొంతు పెంచలేదు. అంత నెమ్మదిగా మాట్లాడుతుంటే వినడం కష్టంగా ఉంది.

"అక్కా, నా లగ్గం పొద్దు నా మొకం ఎట్లున్నదో నాకు తెల్వనే తెల్వదు. నా మొకం నాకు కనబడ్తదా? ఆడోళ్లు నవ్విండ్రు, నవ్వితే నవ్విండ్రు, యాడాదికి మర్సిపోయిండ్రు. పుస్తె కడ్తుంటే తలకాయ ఎత్తి నీకోసం చూసిన. అవ్వ ఒక్కతే నిలబడ్డది. నువ్వు లేవు. నాకు మనసుల ఉన్నది గదే. నువ్వేమో ఇన్నేండ్ల సంది మెడ మెడ అనుకుంటనే ఉన్నవు."

స్నేహలత ప్లేటు అరుగు మీద పెట్టింది.

"మేకప్‌కు బోధన్‌ల ఎవరన్న దొరుకుతరు. అవ్వ లేదు, తల్లిగారి చీర నీ చేతుల మీంచి పడాలెనని నిన్ను పిలిచిన. ఛాయ్ తాగు, కూసో అంటే కూసున్నవా? విమలమ్మ పెట్టింది."

"ఇప్పుడు పెడ్త సుమా. శృతిని పిలువు. ఇప్పుడు పెడ్త" అంది స్నేహలత లేస్తూ.

"పెట్టిన చీర మళ్ల పెడ్తరా అక్కా?" అంది సుమన. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగింది. "అన్నం తిని పో. చానా పొద్దైంది నువ్వు ఏం తినక" అని లోపలికి పోయింది. విస్తరి వేసి పక్కన కూర్చుని వడ్డించింది. స్నేహలత తలెత్తకుండా తింది. శృతి వచ్చి పెద్దమ్మ మెడచుట్టూ చేతులేసి ముద్దుపెట్టింది, ముఖం అప్పటికే సబ్బుతో కడిగేసుకుని ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు జానకంపేట దాటాం. ఇందాక నేను కాళ్లు విరిగినట్టు కెమెరా వెనకే నిలబడకుండా స్టేజీ ఎక్కి ఆమె రెక్క పట్టుకుని ముందుకు లాగి ఉండాల్సిందేమోనని నాకూ బాధగా ఉంది. ఆమె చేతుల మీద ఎండిపోయిన రంగు గోటితో గీకుతూ కూర్చుంది.

"రంజితన్నా, నువ్వు నన్ను పిలిచినవా?"

"పిలిచిన."

"నాకు యాదికి లేదు. చెల్లె కూడా పిలిచిందా?"

"నువ్వొస్తవని చూసింది. చానాసేపు చూసింది."

"నేనేమన్న?"

ఏదో ఒకటి అబద్ధం చెప్పొచ్చు. నాకు రాలేదు.

"చెవుల వెనక చూస్తున్న అన్నవక్కా" అన్నాను.